చెయ్యి తిరగకపోవడం: డిస్‌ప్రాక్సియాలో పని ఎక్కడ ఆగుతుంది

చెయ్యి తిరిగిన వంటమనిషి అంటాం. ఉప్పు ఎంత వేయాలో, గరిటె ఎటు తిప్పాలో ఆలోచించకుండానే వంట చేసేస్తాడని దాని అర్థం. పొద్దున్నే వాకిట్లో చుక్కల ముగ్గు వేసే ఆవిడ పక్కింటావిడతో కబుర్లు చెబుతూనే ముగ్గు పూర్తి చేస్తుంది. చుక్క ఎక్కడ పడాలో వేళ్లు చూసుకుంటాయి, బుర్ర మాటల మీద ఉంటుంది. అదే ముగ్గు మొదటిసారి వేసే పిల్ల నోరు మూసుకుని, నాలుక కొస బయట పెట్టి మరీ వేస్తుంది. నెల తిరిగేసరికి ఆ పిల్ల కూడా మాట్లాడుతూ వేస్తుంది. కొంతమందికి మాత్రం నెల కాదు, ఏళ్లు గడిచినా ప్రతి ముగ్గూ మొదటి ముగ్గులాగే ఉంటుంది. డిస్‌ప్రాక్సియాను అర్థం చేసుకోవడానికి ఇదే దగ్గర దారి: చేతిలో బలం ఉంటుంది, తలలో తెలివి ఉంటుంది, చెయ్యి తిరగడమే కష్టం.

తిరుపతిలో ఏడో తరగతి చదివే ఒక పిల్లాడిని ఉదాహరణగా ఊహించుకుందాం. ఇలాంటి పిల్లలు దాదాపు ప్రతి స్కూల్లోనూ ఉంటారు. సోషల్‌లో విజయనగర రాజుల గురించి అడిగితే చంద్రగిరి కోట కథతో కలిపి పది నిమిషాలు ఆగకుండా చెబుతాడు. అదే ప్రశ్న పరీక్షలో వస్తే నాలుగు వాక్యాలు రాస్తాడు. అవి కూడా గీతల మీద నిలబడవు. ఒత్తులు కింద లైన్‌లోకి జారిపోతాయి, దిద్దుబాట్లతో కాగితం చిరిగిపోతుంది. మధ్యాహ్నం క్యారియర్ మూత తీయబోతే రసం ఒలుకుతుంది. షూ లేసులు అమ్మ కట్టాలి. కబడ్డీ జట్టు ఎంచుకునేటప్పుడు చివరికి మిగిలేది వాడే. ప్రోగ్రెస్ కార్డు మీద టీచర్ 'తెలివైనవాడే, శ్రద్ధ లేదు' అని రాస్తుంది. ఇంట్లో రోజుకు రెండు పేజీల కాపీ రైటింగ్ పెడతారు. ఆరు నెలలైనా రాత మారదు. పిల్లాడికి మాత్రం పుస్తకం చూస్తేనే టెన్షన్ మొదలవుతుంది.

వైద్యులు దీన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, పొట్టిగా డీసీడీ అంటారు. 1994లో కెనడాలోని లండన్ నగరంలో జరిగిన నిపుణుల సమావేశం ఈ పేరు మీద ఏకాభిప్రాయానికి వచ్చింది. డిస్‌ప్రాక్సియా అనేది జనంలో ఎక్కువగా వాడే పేరు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 పుస్తకం నాలుగు విషయాలు చూడమంటుంది. వయసుకు, దొరికిన అవకాశానికి తగినట్టు కదలికల నైపుణ్యం రాకపోవడం మొదటిది. దానివల్ల చదువుకో రోజువారీ పనులకో నిజంగా అడ్డం రావడం రెండోది. చిన్నతనం నుంచే ఉండటం మూడోది. చూపు లోపం, బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ లాంటి నరాల జబ్బు, ఇవేవీ దానికి కారణం కాకపోవడం నాలుగోది. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో నూటికి 5 నుంచి 6 మందికి ఇది ఉంటుందని అదే పుస్తకం చెబుతుంది. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు అన్నమాట. మగపిల్లల్లో ఎక్కువగా గుర్తిస్తారు.

ఆ నిర్వచనంలో 'దొరికిన అవకాశానికి తగినట్టు' అన్న మాటను మన దగ్గర కొంచెం జాగ్రత్తగా చూడాలి. అపార్ట్‌మెంట్‌లో పెరిగి, నాలుగో తరగతి దాకా సైకిలే ఎక్కని పిల్లాడికి సైకిల్ రాకపోవడం డీసీడీ కాదు. అన్నం ఇప్పటికీ నానమ్మే కలిపి తినిపిస్తుంటే చేత్తో కలుపుకోవడం రాకపోవడమూ వింత కాదు. నేర్పించారు, రోజూ చేస్తున్నాడు, తోటివాళ్లకు ఎప్పుడో వచ్చేసింది, వీడికి మాత్రం రాలేదు. అప్పుడే అనుమానించాలి. విదేశీ ప్రశ్నావళుల్లో ఫోర్కు, కత్తి గురించి అడుగుతారు. మన ఇళ్లలో అంతకంటే బాగా చెప్పే పరీక్ష గ్లాసు ఎత్తి, పెదవికి తగలకుండా నీళ్లు తాగడం. తల ఎంత వెనక్కి వాల్చాలి, గ్లాసు ఎంత వంచాలి, ధార ఎక్కడ పడుతుంది, మింగడం ఎప్పుడు, ఊపిరి ఎప్పుడు, ఇవన్నీ ఒకేసారి కుదరాలి. పన్నెండేళ్లు వచ్చినా ప్రతిసారీ చొక్కా తడుపుకునే పిల్లాడిని తిట్టే ముందు, బొత్తాలు పెట్టుకోవడం, మెట్లు దిగడం, బంతి పట్టడం ఎలా ఉన్నాయో కూడా చూడాలి. ఒక్క పనిలో తడబాటు ఎవరికైనా ఉంటుంది. డీసీడీలో అది చాలా పనుల్లో కనిపిస్తుంది.

ఎందుకిలా జరుగుతుందన్నదానికి పరిశోధకులు ఎక్కువగా మొగ్గు చూపే వివరణ ఒకటుంది. మనం గ్లాసు అందుకునేటప్పుడు చెయ్యి అక్కడికి చేరేదాకా మెదడు ఆగదు. చెయ్యి ఎక్కడికి చేరుతుందో ముందే అంచనా వేసి, తేడా వస్తే దారిలోనే సరిచేస్తుంది. ఒక పనిని మళ్లీ మళ్లీ చేసినప్పుడు మెరుగుపడేది ఈ అంచనాయే. డీసీడీ ఉన్నవాళ్లలో ఆ అంచనా బలహీనంగా ఉంటుంది. అందుకే వాళ్లు కంటితో చూసుకుంటూ, ఒక్కో అడుగూ ఆలోచిస్తూ పని నడిపిస్తారు. పని అవుతుంది, కానీ దృష్టి అంతా దానికే ఖర్చయిపోతుంది. రెండో పని తోడైతే మొదటిది చెడుతుంది. సాయంత్రానికి ఇలాంటి పిల్లలు తోటివాళ్లకంటే ఎక్కువ అలసిపోవడం సోమరితనం కాదు. మిగతా వాళ్లకు ఊరికే అయిపోయే పనులను వీళ్లు రోజంతా శ్రమపడి చేశారు.

రాత దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. డీసీడీ ఉన్న పిల్లలు నెమ్మదిగా రాస్తారని అందరూ అనుకునేవారు. బ్రిటన్‌లో పిల్లల చేత డిజిటల్ పలక మీద రాయించి, కలం కదలికలను కొలిచి 2013లో ప్రచురించిన పరిశోధన వేరే సంగతి బయటపెట్టింది. కలం కదిలేటప్పుడు వేగంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా కలం ఆగే సమయంలో ఉంది. ఆ పిల్లలు తోటివాళ్లకంటే ఎక్కువసేపు ఆగుతున్నారు, అందుకే ఇచ్చిన సమయంలో తక్కువ మాటలు రాస్తున్నారు. ఆ పరిశోధన ఇంగ్లిష్ రాతకు సంబంధించింది. తెలుగు అక్షరం ఇంకా ఎక్కువ అడుగుతుంది. గుండ్రటి గీత మధ్యలో దిశ మార్చుకోవాలి. అక్షరం పైన తలకట్టో గుడో పడాలి, కింద ఒత్తు సరైన చోట కూర్చోవాలి. 'రాష్ట్రం' అని రాయాలంటే కలం ఎన్నిసార్లు లేచి, పైకీ కిందికీ వెళ్లి, మళ్లీ లైను మీదికి రావాలో ఒకసారి మెల్లగా రాసి చూస్తే తెలుస్తుంది. అలా లేచిన ప్రతిసారీ ఒక నిర్ణయం తీసుకోవాలి. చెయ్యి తిరిగినవాడికి అది తెలియదు. తిరగనివాడికి ప్రతి ఒత్తు దగ్గరా ఒక ఆగింపు.

కాపీ రైటింగ్ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు అర్థమవుతుంది. చూసి రాసేటప్పుడు పిల్లాడు అదే తప్పు కదలికను, అదే ఆగింపును రోజుకు రెండు పేజీల చొప్పున సాధన చేస్తున్నాడు. సాధన వల్ల లాభం లేదని దీని అర్థం కాదు. ఎక్కడ చెడుతోందో తేల్చుకోకుండా చేసే సాధన వల్ల లాభం లేదు.

ఆ తేల్చుకోవడానికి ముందు తీసుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. డీసీడీ పుట్టుకతో వచ్చే తీరు. కొత్తగా మొదలవదు, నెలనెలా ముదరదు. నిన్నటిదాకా బాగా నడిచిన పిల్లాడు ఈ మధ్యే పడిపోతుంటే, ఒకవైపు చెయ్యో కాలో మాత్రమే తడబడుతుంటే, వచ్చిన పని మర్చిపోతుంటే, నేల మీద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేస్తుంటే అది డిస్‌ప్రాక్సియా అని సరిపెట్టుకోకూడదు. చివరిది కండరాల జబ్బుకు గుర్తు కావచ్చు. వెంటనే పిల్లల డాక్టరుకు, అవసరమైతే న్యూరాలజిస్టుకు చూపించాలి. కళ్ల పరీక్ష ఎలాగూ చేయించాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర, అక్కడ పిల్లల ఎదుగుదల సమస్యలకు ప్రత్యేక విభాగం ఉంది. ప్రత్యేక అవసరాలున్న ప్రభుత్వ బడి పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా అడగాల్సింది ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను. ఫిజియోథెరపిస్ట్ ప్రధానంగా కండరాలు, కీళ్లు, నడక చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ బొత్తాం, కలం, చెంచా లాంటి పనులను పట్టుకుంటారు.

థెరపిస్ట్ మొదట తల్లిదండ్రులతో ఒక ప్రశ్నావళి నింపిస్తారు. తర్వాత కదలికల నైపుణ్యాన్ని కొలిచే ఎంఏబీసీ అనే పరీక్ష చేస్తారు. ఏడో తరగతి వయసుకు అందులో పలకలోని పుల్లలను తీసి తిరగేసి పెట్టడం, నట్లు బోల్టులతో త్రికోణం బిగించడం, సన్నని దారి లోపల గీత గీయడం, గోడకు కొట్టిన బంతిని ఒంటి చేత్తో పట్టడం, మడమకు వేలు ఆనిస్తూ వెనక్కి నడవడం లాంటివి ఉంటాయి. వచ్చిన మార్కును అదే వయసు పిల్లలతో పోలుస్తారు. వందమందిలో అట్టడుగు ఐదుగురిలో ఉంటే సమస్య గట్టిగానే ఉన్నట్టు. ఐదుకీ పదహారుకీ మధ్య ఉంటే అనుమానం ఉన్నట్టు, కనిపెట్టి ఉండాలి. అయిదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా ఈ పేరు పెట్టరు. ఆ వయసులో పిల్లల ఎదుగుదల ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు.

ఆ తర్వాత పని నేర్పే పద్ధతుల్లో కెనడాలో పుట్టిన కో-ఆప్ అనేదాన్ని కొంచెం వివరంగా చూడాలి. 2019లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించేది కూడా ఈ కోవకు చెందిన, నేరుగా పని మీదే దృష్టి పెట్టే పద్ధతులనే. ఇందులో బంతులు పిసకడం, ఊయల ఊగడం లాంటి సాధారణ వ్యాయామాలు ప్రధానం కావు. పిల్లాడు తనకు కావలసిన మూడు పనులు తానే ఎంచుకుంటాడు. దాదాపు పది పన్నెండు సెషన్లలో వాటి మీదే పని చేస్తారు. ప్రతి పనికీ నాలుగు మెట్లు: గురి, ప్లాన్, చేయడం, సరిచూసుకోవడం.

మన పిల్లాడు లేసులు, క్యారియర్ మూత, పరీక్ష రాత ఎంచుకున్నాడనుకుందాం. అమ్మ జాబితాలో రాత మొదట ఉంటుంది, వాడి జాబితాలో లేసులు. థెరపిస్ట్ వాడి మాటే వింటారు. తనకు కావలసిన దాని మీదే పిల్లాడు ఓపిక పడతాడు. లేసుల్లో గెలిచాక రాతకు వస్తారు. మొదటి రోజు దిద్దించరు. అయిదు నిమిషాలు రాయించి, పక్కన కూర్చుని చూస్తారు. నలభై మాటలు రాశాడనుకుందాం. కాగితం మూడుసార్లు జరిగింది, ఎందుకంటే ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది. కాళ్లు నేలకు అందడం లేదు. ఒత్తు పెట్టడానికి ముందు ప్రతిసారీ కలం గాల్లో నిలిచిపోతోంది. వాక్యం మధ్యలో తర్వాత ఏం రాయాలో మర్చిపోతున్నాడు.

ఇప్పుడు థెరపిస్ట్ పరిష్కారం చెప్పరు, అడుగుతారు. కాగితం ఎందుకు జరిగింది? దాన్ని ఏది పట్టుకోగలదు? 'ఎడమ చెయ్యి పేపర్‌వెయిట్' అని పిల్లాడే ఒక మాట కనిపెడతాడు. థెరపిస్ట్ చెప్పిన మాట కంటే వాడు పెట్టుకున్న మాటే వాడికి గుర్తుంటుంది. కాళ్ల కింద పీట వేస్తారు. ఒత్తు సంగతికి వస్తే, అక్షరం పూర్తి చేసి, కలం ఎత్తకుండా కిందికి దిగే దారి కుదురుతుందేమో ఒక్కో ఒత్తుకూ వెతుకుతారు. కుదరని వాటికి లైను విడిచి లైను రాస్తే ఒత్తుకు చోటు దొరుకుతుంది, కింది లైనుతో గొడవ ఉండదు. వాక్యం మర్చిపోవడం చేతి సమస్య కాదు. రాయడం మొదలెట్టే ముందు మార్జిన్‌లో నాలుగు చిన్న మాటలు వేసుకుంటాడు: ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు, ఎందుకు. ఇక వాక్యాన్ని, అక్షరాన్ని ఒకేసారి మోయాల్సిన పని ఉండదు. వారం తర్వాత మళ్లీ అయిదు నిమిషాలు రాయిస్తారు. మాటలు యాభై అయ్యాయా, కాగితం జరిగిందా, టీచర్ చదవగలిగిందా? ఈ సరిచూసుకోవడాన్ని పిల్లాడే చేయాలి. సంఖ్య కదలకపోతే మారాల్సింది ప్లాన్. పిల్లాడిని తప్పు పట్టకూడదు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. నేర్చుకున్న పని బాగుపడుతుంది. లేసులు వచ్చినంత మాత్రాన సైకిల్ దానంతట అది రాదు, అయితే ప్లాన్ వేసే అలవాటు వెంట వస్తుంది. దృష్టి నిలవని ఏడీహెచ్‌డీ కూడా ఉంటే ముందు దాని సంగతి చూడకుండా సెషన్లు సాగవు. డీసీడీ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి అది కూడా ఉంటుందని చెబుతారు. ముత్యాల్లాంటి రాత వస్తుందన్న ఆశ పెట్టుకోకపోవడమే మేలు. చదవగలిగే రాత వస్తే చాలు. మన స్కూళ్లకు చేతిరాత అందం మీద ఉన్న మోజు ఈ పిల్లలకు పెద్ద శత్రువు.

స్కూలు వైపు నుంచి చేయగలిగినవాటిలో ఎక్కువ మటుకు ఖర్చు లేనివే. బోర్డు మీదిది మొత్తం దించుకోమనకుండా నోట్స్ జిరాక్స్ ఇవ్వొచ్చు. బోర్డుకూ పుస్తకానికీ మధ్య చూపు తిరిగేటప్పుడే వీళ్లు చోటు కోల్పోతారు. లెక్కల్లో గళ్ల కాగితం ఇస్తే అంకెలు వరుస తప్పవు. సైన్స్ డయాగ్రమ్ సగం గీసి ఇచ్చి భాగాలు గుర్తించమంటే పిల్లాడికి తెలిసింది బయటికొస్తుంది. ఏదైనా కొత్త పని చూపేటప్పుడు ఎదురుగా నిలబడి చేస్తే వాడు అద్దంలోలా తిప్పుకుని ఊహించుకోవాలి. పక్కన నిలబడి చూపాలి.

పరీక్షల దగ్గర చట్టం కొంత తోడుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీస్ కింద డిస్‌లెక్సియాతో పాటు డిస్‌ప్రాక్సియా పేరు కూడా ఉంది. అయితే ఆ కోవకు సర్టిఫికెట్ ఇవ్వడానికి వాడే, బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ తయారుచేసిన పరీక్షలు ప్రధానంగా చదవడం, రాయడం, లెక్కల చుట్టూ తిరుగుతాయి. బాగా చదివే, కలం మాత్రమే మొరాయించే పిల్లాడు ఆ జల్లెడలో జారిపోవచ్చు. అందుకే ఎంఏబీసీ నివేదికను, రాత నమూనాలను, అయిదు నిమిషాల మాటల లెక్కను దగ్గర పెట్టుకోవాలి. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ ఉపయోగపడుతుంది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న ఆ సివిల్స్ అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో, చెబితే రాసిపెట్టే స్క్రైబ్‌ను నిరాకరించడం చెల్లదని కోర్టు చెప్పింది. ఆ తీర్పు తర్వాత 40 శాతం లోపు వాళ్ల కోసం కేంద్రం 2022లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మన పిల్లాడి లాంటివాళ్లకు స్క్రైబ్ కంటే అదనపు సమయమే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఆలోచన ఒకరిది, కలం మరొకరిది అయితే కుదరడానికి వేరే సాధన కావాలి. ఏది అడిగినా పదో తరగతి పరీక్షల ముందు నెలలో పరిగెత్తితే కాదు. తొమ్మిదిలోనే హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి కాగితాలు మొదలుపెట్టాలి.

ఈ తీరు వయసుతో పోతుందా? చాలామందిలో పోదు, సగం కంటే ఎక్కువ మందిలో పెద్దయ్యాక కూడా మిగులుతుంది. కాకపోతే కనిపించే చోటు మారుతుంది. లేసుల బదులు స్లిప్పర్లు వేసుకుంటారు, కబడ్డీ ఎవరూ ఆడమనరు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మళ్లీ అన్నీ బయటపడతాయి.

తిరుపతిలో ఒక బట్టల షాపులో చేరిన డిగ్రీ చదివిన అమ్మాయిని ఊహించండి. చీరల సెక్షన్‌లో పని అంటే చీర విప్పి చూపడం, రేటు చెప్పడం, కస్టమర్ మొహం చూస్తూ మళ్లీ అదే మడతలో మడవడం, అన్నీ ఒకేసారి. ఆమెకు రేటు చెబితే మడత తప్పుతుంది, మడత చూసుకుంటే కస్టమర్ వెళ్లిపోతుంది. రెండు నెలల్లో ఆమెకు 'చేతకాని మనిషి' అన్న పేరు వస్తుంది. అదే షాపులో స్టాక్ లెక్కలకు మారిస్తే కథ వేరు, స్టాక్‌లో ఎక్కడ ఏముందో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అక్కడ కూడా చిన్న ఏర్పాట్లు కావాలి. నోట్లు చేత్తో లెక్కపెట్టకుండా మెషీన్‌లో పెట్టాలి. ఫోన్‌లో వింటూ రాసుకోవడం రెండు పనులు, అందుకని ఆర్డర్లు వాట్సాప్‌లో పంపమనాలి. టేబుల్ మీద టీ కప్పు బదులు మూత ఉన్న ఫ్లాస్క్. ఫైళ్లకు రంగు స్టిక్కర్లు, ప్రతి వస్తువుకూ మారని చోటు. చోటు మారితే చెయ్యి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. కొత్త పని ఎవరైనా నేర్పుతుంటే ఫోన్‌లో వీడియో తీసుకుని ఇంట్లో ఆపి ఆపి చూడటం, ఒకసారి చూసి వచ్చేసిందన్నట్టు తల ఊపడం కంటే వంద రెట్లు నయం.

యజమానికి చెప్పాలా వద్దా అన్నది ఎప్పుడూ ఉండే ప్రశ్న. ప్రభుత్వ ఉద్యోగంలో అయితే తగిన సదుపాయం కల్పించడం 2016 చట్టం ప్రకారం ఆ సంస్థ బాధ్యత. చిన్న షాపుల్లో జబ్బు పేరు చెబితే అర్థమయ్యేదానికంటే భయమే ఎక్కువ. అక్కడ పేరు పక్కన పెట్టి పని గురించి మాట్లాడటం మేలు: 'అన్నా, నాకు వింటూ రాయడం కుదరదు, మెసేజ్ పెడితే తప్పు పోదు.' ఇందులో ఇబ్బంది ఏమిటో ఉంది, దారి ఏమిటో ఉంది, యజమానికి ఏం లాభమో కూడా ఉంది.

ఇక ఉద్యోగానికి వెళ్లి రావడం. గేర్ బండి మీద ఎడమ చెయ్యి క్లచ్, ఎడమ కాలు గేర్, కుడి చెయ్యి యాక్సిలరేటర్, కుడి కాలు బ్రేక్, కళ్లు లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్ మీద. డీసీడీ ఉన్నవాళ్లకు ఇంతకంటే కష్టమైన కలయిక ఉండదు. గేర్ లేని స్కూటర్ తీసుకుంటే ఆ నాలుగింటిలో రెండు పోతాయి. నేర్చుకునేటప్పుడు పొద్దున్నే ఖాళీ మైదానంలో నిలపడం, బయల్దేరడం మాత్రమే ఒక వారం చేయాలి. మలుపులు రెండో వారం, ట్రాఫిక్ ఆ తర్వాత. లైసెన్సు టెస్టులో ఎనిమిది వేసేటప్పుడు చక్రం వైపు చూస్తే బండి ఆగిపోతుంది. తర్వాత ఎటు తిరగాలో అటు చూడాలి. ఈ ఒక్క మాటను నేర్పేవాళ్లు గట్టిగా అరిచి చెప్పడం కంటే, నేర్చుకునేవాళ్లు 'ముందు కన్ను, తర్వాత బండి' అని తమలో తాము అనుకుంటూ నడిపితే ఎక్కువ పనిచేస్తుంది.